ఫొటో చూసి హెల్మెట్ అసలుదో నకిలీదో తేల్చుకోవడం ఎలా?

చలాన్ల డ్రైవ్ మొదలైన వారంలోనే రోడ్డు పక్కన హెల్మెట్ల గుట్టలు లేస్తాయి, ఫోన్ తెరిస్తే 499కి, 599కి ఫుల్‌ఫేస్ హెల్మెట్ అంటూ ప్రకటనలు వస్తాయి. ప్రతి దానిమీదా వెనకవైపు ఐఎస్ఐ స్టికర్ ఉంటుంది. చాలామంది ఆ స్టికర్ ఉందా లేదా అని మాత్రమే చూసి కొనేస్తారు. కానీ అలాంటి స్టికర్ అచ్చు వేయడం ఏ చిన్న ప్రింటింగ్ షాపుకైనా పది నిమిషాల పని. అందుకే స్టికర్ ఉందా అని కాదు, స్టికర్ మీదున్న నంబర్, లోపలి లేబుల్ మీదున్న పేరు, హెల్మెట్ తయారైన తీరు, ఈ మూడూ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా అని చూడాలి. నకిలీ సరుకులో ఎక్కడో ఒకచోట ఈ మూడిట్లో ఒకటి తప్పకుండా తేడా కొడుతుంది. ఆ తేడా ఫొటోలోనే ఎలా పట్టుకోవాలో చెప్తాను.

ముందు సరైన ఫొటోలు తెప్పించుకోండి

అమ్మేవాళ్లు పెట్టే ఫొటోలు ఎక్కువగా ముందు నుంచి, అద్దం మెరుస్తూ, గ్రాఫిక్స్ కనబడేలా తీసినవే ఉంటాయి. వాటితో మనకేమీ తెలియదు. పైగా అవి చాలాసార్లు కంపెనీ కేటలాగ్ నుంచి ఎత్తినవి, మీ ఇంటికొచ్చే హెల్మెట్‌కీ ఆ బొమ్మకీ సంబంధం ఉండకపోవచ్చు. కాబట్టి నేరుగా మెసేజ్ పెట్టి అడగండి: వెనక స్టికర్ దగ్గరగా, నేరుగా తీసింది ఒకటి, హెల్మెట్ బోర్లా తిప్పి లోపలంతా కనబడేలా ఒకటి, చిన్ స్ట్రాప్ షెల్‌కి ఎక్కడ బిగించారో ఆ చోటు రెండువైపులా, లోపల కుట్టిన లేబుల్, కింది అంచు పక్కనుంచి. కుదిరితే వంటింటి త్రాసు మీద పెట్టి బరువు కనబడేలా ఇంకొకటి. ఆ రోజు తేదీ రాసిన చీటీ పక్కన పెట్టి తీయమంటే ఇంకా మంచిది, వస్తువు నిజంగా వాళ్ల చేతిలో ఉందని తెలుస్తుంది.

స్టికర్ ఫొటోకి ఒక చిన్న జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ కుదించుకుపోయి చిన్న అంకెలు అలుక్కుపోతాయి, 3 ఏదో 8 ఏదో తెలియదు. డాక్యుమెంట్‌గా పంపమనండి. నంబర్ మీద మాత్రం ఫ్లాష్ మెరుపు పడ్డ ఫొటోనో, నంబర్ దాకా వచ్చి ఆగిపోయిన ఫొటోనో మళ్లీ మళ్లీ పంపుతున్నారంటే ఇక ఆ బేరం వదిలేయండి, అది అనుకోకుండా జరిగేది కాదు.

స్టికర్ మీద ఏం ఉండాలి

మన దేశంలో టూవీలర్ నడిపేవాళ్ల హెల్మెట్‌కి ప్రమాణం IS 4151. 2021 జూన్ 1 నుంచి ఈ ప్రమాణం ప్రకారం ఐఎస్ఐ మార్కు లేని టూవీలర్ హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం నిషేధం. మార్కులో మూడు భాగాలుంటాయి: మధ్యలో ఐఎస్ఐ గుర్తు, దాని పైన IS 4151 అనే ప్రమాణం సంఖ్య, కింద CM/L అని మొదలయ్యే లైసెన్స్ నంబర్. పాత లైసెన్సులకి ఏడు అంకెలు, ఇప్పటివాటికి పది అంకెలు. ఈ మూడిట్లో ఏది లేకపోయినా అది పూర్తి మార్కు కాదు. ఉత్త ఐఎస్ఐ అనే మూడక్షరాలు పెద్దగా రాసి, కింద నంబర్ లేకుండా వదిలేసినవి రోడ్డు పక్కన బోలెడు కనబడతాయి. అలాంటి దాన్ని ఇంకేమీ చూడకుండానే పక్కన పెట్టేయొచ్చు.

పైన రాసిన ప్రమాణం సంఖ్యని కూడా చదవండి, ఇది చాలామంది వదిలేసే విషయం. IS 2925 అని ఉంటే అది ఇళ్లు కట్టేచోట, ఫ్యాక్టరీల్లో పెట్టుకునే ఇండస్ట్రియల్ హెల్మెట్. దానిమీద ఐఎస్ఐ గుర్తు అసలుదే కావచ్చు, కానీ అది పైనుంచి ఇటుకో పనిముట్టో పడితే కాపాడటానికి చేసింది, బండి మీదనుంచి పడితే పక్కల నుంచి తగిలే దెబ్బకి కాదు. బండి మీద అలాంటివి పెట్టుకుని తిరిగేవాళ్లని ఊళ్లలో రోజూ చూస్తూనే ఉంటాం.

ఇక స్టికర్ అచ్చు విషయం. ఐఎస్ఐ మార్కుకి లైసెన్స్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్. దాని వెబ్‌సైట్లో ఉండే అసలు గుర్తుని ఒకసారి తెరిచి, మీకొచ్చిన ఫొటో పక్కన పెట్టి చూడండి. నకిలీల్లో అక్షరాలు మామూలు కంప్యూటర్ ఫాంట్‌లో ఉండటం, గుర్తు అడ్డంగా సాగిపోవడం, చుట్టూ గీత ఒకచోట లావుగా ఒకచోట సన్నగా ఉండటం కనబడతాయి. అయితే రంగు చూసి తేల్చకండి, మెరిసే హోలోగ్రామ్ ఉంది కదా అని నమ్మకండి. స్టికర్ కొంచెం వంకరగా అతికించినంత మాత్రాన నకిలీ అనీ అనకండి, అసలు హెల్మెట్ మీద కూడా స్టికర్ వంకరగా పడొచ్చు. అచ్చు బాగుండటం కన్నా నంబర్ నిలబడటం ముఖ్యం.

నంబర్‌ని BIS Care యాప్‌లో పెట్టండి

BIS Care అనేది బీఐఎస్ వాళ్ల సొంత యాప్, ఉచితం. తెరిచాక Verify License Details అనే దానిలోకి వెళ్లి CM/L తర్వాతున్న అంకెలు కొట్టండి. నంబర్ నిజమైతే తయారీదారు పేరు, చిరునామా, ఏ ప్రమాణం కింద లైసెన్స్ ఇచ్చారు, ఏయే రకాలకి, ఏ బ్రాండ్లకి వర్తిస్తుంది, గడువు ఎప్పటిదాకా, ఇప్పుడు అమల్లో ఉందా అనేవి వస్తాయి.

ఇక్కడ చాలామంది వివరాలు వచ్చాయి కదా, అంటే అసలుదే అని యాప్ మూసేస్తారు. అలా చేయకండి, ఒక్కొక్కటీ చదవండి. ప్రమాణం దగ్గర IS 4151 ఉందా? వేరే వస్తువుకిచ్చిన నంబర్ని తెచ్చి హెల్మెట్ మీద అచ్చు వేస్తే యాప్ వివరాలు చూపిస్తుంది, కాకపోతే అవి ఆ వేరే వస్తువువి. తయారీదారు పేరు, బ్రాండ్ హెల్మెట్ లోపలి లేబుల్ మీదున్న వాటితో కలుస్తున్నాయా? లైసెన్స్ అమల్లో ఉందా, గడువు తీరిందా, రద్దయిందా? ఈ చివరిది తేలిగ్గా తీసుకోవద్దు. 2025లో ఢిల్లీలో జరిపిన దాడుల్లో లైసెన్స్ గడువు తీరిపోయిన, లేదా రద్దయిన తొమ్మిది మంది తయారీదారుల దగ్గర 2,500కి పైగా హెల్మెట్లు పట్టుకున్నారు. అంటే ఒకప్పుడు నిజంగా లైసెన్స్ ఉండి, అది పోయాక కూడా అదే నంబర్‌తో సరుకు బయటికొస్తోందన్న మాట. అలాంటి హెల్మెట్ మీద స్టికర్ ఎంత చక్కగా ఉన్నా లాభం లేదు.

గడువు తీరినట్టు చూపిస్తే అమ్మేవాళ్లు "పాత స్టాక్ అండీ, అప్పుడు లైసెన్స్ ఉంది" అంటారు. అది నిజం కూడా కావచ్చు. తేల్చేది లోపలి లేబుల్. దానిమీద తయారీదారు పేరు, సైజుతో పాటు తయారైన నెల, సంవత్సరం ఉండాలి. ఆ తేదీ లైసెన్స్ నడుస్తున్న కాలంలోనిదైతే మాట నమ్మొచ్చు. లేబులే లేకపోయినా, తేదీ చోట ఖాళీ ఉన్నా పాత స్టాక్ అన్న మాటకి ఆధారం లేనట్టే.

ఇంకో చిక్కు ఉంది. పేరున్న బ్రాండ్‌కి కాపీ కొట్టేవాళ్లు ఆ బ్రాండ్ అసలు లైసెన్స్ నంబర్నే అచ్చు వేస్తారు. అప్పుడు యాప్‌లో అన్నీ సరిగ్గానే వస్తాయి, పేరు కలుస్తుంది, గడువు ఉంటుంది, అయినా చేతిలోది నకిలీయే. కాబట్టి నంబర్ తప్పితే హెల్మెట్ నకిలీ అని గట్టిగా చెప్పొచ్చు గానీ, నంబర్ కలిసినంత మాత్రాన అసలుదని చెప్పలేం. అందుకే షెల్, స్ట్రాప్ చూడాలి. కాపీ కొట్టేవాడు అక్షరాలకి ఖర్చు పెడతాడు, లోపలి సరుకుకి పెట్టడు.

షెల్ ఫొటోలో ఏం చూడాలి

షెల్ అంటే బయటి గట్టి డొప్ప. అది ఏబీఎస్ ప్లాస్టిక్‌తోనో, పాలీకార్బనేట్‌తోనో, ఫైబర్‌గ్లాస్‌తోనో చేస్తారు. దాని పని తగిలిన దెబ్బని ఒకే చోట ఆగనివ్వకుండా చుట్టూ పరచడం, మొనదేలిన రాయి లోపలికి దిగకుండా ఆపడం. లోపలుండే దళసరి థర్మాకోల్ పొర నలిగిపోతూ ఆ వేగాన్ని మింగుతుంది. తలని కాపాడేది ఈ రెండూ కలిసే. నకిలీల్లో డొప్ప నాసిరకం ప్లాస్టిక్‌ది, థర్మాకోల్ పలచనిది లేదా అసలు ఉండనే ఉండదు, పైన గుడ్డ మాత్రం మెత్తగా ఉంటుంది. పెట్టుకుంటే హాయిగానే ఉంటుంది కాబట్టి తేడా తెలియదు.

ఫొటోలో మొదట ట్యూబ్‌లైట్ నీడ చూడండి. మెరిసే రంగు హెల్మెట్ అయితే గదిలోని ట్యూబ్‌లైట్ దానిమీద పొడవాటి తెల్ల గీతలా పడుతుంది. ఆ గీతని జూమ్ చేసి ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా వెళ్లండి. బాగా పోతపోసిన షెల్ మీద అది షెల్ వంపుతోపాటు సాఫీగా వంగుతుంది. నాసిరకం దానిమీద మధ్యమధ్యలో వణికినట్టు అలలు అలలుగా ఉంటుంది, అక్కడక్కడ సొట్టలాగా లోపలికి లాగుతుంది. ప్లాస్టిక్ మందం ఒకేలా లేకపోతే చల్లారేటప్పుడు ఇలా గుంజుకుపోతుంది. మ్యాట్ ఫినిష్ హెల్మెట్‌కి ఈ పరీక్ష పనికిరాదు, వాటికి అంచులే ఆధారం.

కింది అంచు ఫొటోలో రబ్బరు బీడింగ్ చుట్టూ ఖాళీ లేకుండా కూర్చుందా, అతుకు దగ్గర లేచిందా చూడండి. బీడింగ్ లేచినచోట డొప్ప మందం బయటపడుతుంది, అది మనకి మంచి అవకాశం. ప్లాస్టిక్ డబ్బా మూతలా పలచగా ఉంటే ఇంకేం చెప్పక్కర్లేదు. అద్దం బిగించిన స్క్రూల చుట్టూ, రివెట్ల చుట్టూ తెల్లబడిన మచ్చలుగానీ, సన్నటి వెంట్రుక గీతలుగానీ ఉంటే ఆ ప్లాస్టిక్ బిగించినప్పుడే ఒత్తిడికి తట్టుకోలేదని అర్థం. కొత్త హెల్మెట్‌లో అవి అసలు ఉండకూడదు. ముదురు రంగు షెల్ మీద ఈ తెల్లదనం ఇట్టే కనబడుతుంది, తెలుపు మీద కనబడదు. తెల్ల హెల్మెట్ కొంటున్నట్టయితే స్క్రూల దగ్గర ఏటవాలు వెలుతురులో ఇంకో ఫొటో అడగండి.

లోపలి ఫొటో ఇంకా ముఖ్యం. చెంపల దగ్గరుండే ప్యాడ్ తీసి తీయమనండి. తీయడానికి వీలుంటే వెనకాల థర్మాకోల్ కనబడాలి, నల్లగానో తెల్లగానో, నడినెత్తి మీదే కాకుండా పక్కలకీ వెనక్కీ తెగకుండా రావాలి, షెల్‌కి ఆనుకుని కూర్చోవాలి. నెత్తిమీద బిళ్లలాగా ఒక ముక్క పెట్టి, పక్కలంతా ఉత్త స్పాంజి నింపినవి ఉంటాయి. థర్మాకోల్‌కీ డొప్పకీ మధ్య వేలు పట్టేంత సందు ఉన్నవీ ఉంటాయి. ఈ రెండూ వద్దు. ప్యాడ్ తీయడానికి రానిదైతే కింది అంచు దగ్గర బీడింగ్ పక్కన చూడండి, గుడ్డకీ డొప్పకీ మధ్య థర్మాకోల్ అంచు ఎంతో కొంత కనబడుతుంది.

బరువు ఫొటో వస్తే దాన్నీ లెక్కలోకి తీసుకోండి. పెద్దవాళ్ల సైజు ఫుల్‌ఫేస్ హెల్మెట్ మామూలుగా కిలో, ఆపైన తూగుతుంది. ఆరేడొందల గ్రాములే ఉంటే లోపల ఏదో లేదు. బరువెక్కువ ఉంటే మంచిదని మాత్రం కాదు, నాసిరకం ప్లాస్టిక్ మందంగా పోసినా బరువు వస్తుంది.

స్ట్రాప్, రివెట్, బకిల్

హెల్మెట్ ఎంత గట్టిదైనా పడ్డప్పుడు తల మీద ఉండకపోతే పనికిరాదు. నకిలీల్లో అన్నిటికన్నా తేలిగ్గా దొరికిపోయేది స్ట్రాపే. ముందు దాని మొదలు చూడండి. చిన్ స్ట్రాప్ రెండు చివరలూ లోహపు రివెట్‌తో నేరుగా షెల్‌కి బిగించి ఉండాలి. చాలా హెల్మెట్లలో చెవి కింది భాగంలో బయటివైపు గుండ్రటి రివెట్ తల కనబడుతుంది, లోపలివైపు స్ట్రాప్ చివర లోహపు బిళ్లతో అదిమిపట్టి ఉంటుంది. కొన్ని ఖరీదైనవాటిలో బయటికి కనబడకుండా దాస్తారు, అందుకే లోపలి ఫొటో చూడకుండా తొందరపడొద్దు. స్ట్రాప్ ఎక్కడ మొదలైందో తెలియకుండా గుడ్డ సందులోంచి బయటికొస్తుంటే, దాన్ని గుడ్డకో స్పాంజికో కుట్టారో, జిగురుతో అంటించారో అనుకోవాలి. రివెట్ పక్కన తుప్పు మరకలున్నా, రివెట్ తల ఒకవైపు లేచి ఉన్నా వద్దు.

తర్వాత పట్టీ. మంచి పట్టీ వేలి వెడల్పుకి తగ్గకుండా, నేత దగ్గరగా ఉంటుంది. జూమ్ చేస్తే దారాలు ఒకే తీరుగా అల్లుకుని కనబడతాయి, అంచులు నూలు రేగకుండా ఉంటాయి. నాసిరకం పట్టీ స్కూల్ బ్యాగు పట్టీలా పలచగా ఉండి మడత దగ్గర నలిగి గీత పడుతుంది. బకిల్ దగ్గర కుట్టు చూడండి. పట్టీ మడిచి కుట్టినచోట చతురస్రం లోపల అడ్డగీతలుగానీ, దగ్గర దగ్గరగా ముందుకీ వెనక్కీ వేసిన దట్టమైన కుట్టుగానీ ఉండాలి. ఒకే వరస కుట్టు వేసి దారం కొస వేలాడుతుంటే అది ఒక్క కుదుపుకి ఊడుతుంది.

బకిల్ రకాల్లో రెండు లోహపు రింగులది, పళ్లపట్టీ నొక్కి బిగించేది, క్లిక్‌మని పడేది ఉంటాయి. ఏ రకమైనా సరిగ్గా చేస్తే పనిచేస్తుంది. క్లిక్ బకిల్ అయితే బిగించి ఉన్నప్పటి ఫొటో అడిగి రెండు భాగాల మధ్య సందు చూడండి. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉంటే అచ్చు సరిగా లేదు. ఇక్కడ ఫొటో కన్నా చిన్న వీడియో మేలు: బకిల్ బిగించి, స్ట్రాప్‌ని చేత్తో గట్టిగా రెండు మూడుసార్లు లాగి చూపించమనండి. జారితే చూస్తుండగానే తెలుస్తుంది.

ఒక ప్రకటన తీసుకుని చూద్దాం

ఊహించుకోండి, "బ్రాండ్ న్యూ ఫుల్‌ఫేస్, ఐఎస్ఐ సర్టిఫైడ్, 650 రూపాయలు" అని ప్రకటన, నాలుగు ఫొటోలు. వెనక ఫొటోలో ఐఎస్ఐ పెద్దక్షరాలతో ఉంది, IS 4151 ఉంది, కింద నంబర్ మసగ్గా ఉంది. దగ్గరి ఫొటో అడిగితే వచ్చింది, ఏడంకెల నంబర్. యాప్‌లో కొడితే IS 4151 కిందే ఉంది, సరే. కానీ గడువు తీరింది, తయారీదారు పేరు హెల్మెట్ మీదున్న బ్రాండ్‌తో కలవడం లేదు. అమ్మేవాళ్లని అడిగితే పాత స్టాక్ అన్నారు. లోపలి లేబుల్ ఫొటో అడిగితే సైజు M అని ఒక్కటే ఉంది, తయారీ తేదీ లేదు, పేరు లేదు. చెవి కింద బయట రివెట్ లేదు, లోపల స్ట్రాప్ గుడ్డ సందులోంచి వస్తోంది. త్రాసు మీద 640 గ్రాములు. ఇందులో గడువు తీరడం ఒక్కటే అయితే ఆలోచించేవాళ్లం. పేరు కలవక, తేదీ లేక, రివెట్ లేక, బరువు లేక, అన్నీ ఒకేవైపు చూపిస్తున్నప్పుడు 650 కాదు, ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు.

అమెరికా, యూరప్ స్టికర్ల సంగతి

అమెరికా రవాణా శాఖ పేరుతో నడిచే డాట్ విధానంలో తయారీదారే మా హెల్మెట్ ప్రమాణానికి తగ్గట్టుందని ప్రకటించుకుని లేబుల్ వేసుకుంటాడు, అమ్మకానికి ముందు ప్రభుత్వం ఆమోదించదు. అక్కడ ఉండేవాళ్లు లేబుల్ మీద DOT అనే మూడక్షరాలతో పాటు FMVSS No. 218, CERTIFIED అనే మాటలు, తయారీదారు పేరు, మోడల్ పేరు ఉన్నాయా చూడాలి. ఉత్త DOT అని విడిగా దొరికే స్టికర్‌కి విలువ లేదు. యూరప్ ఈసీఈ లేబుల్ సాధారణంగా చిన్ స్ట్రాప్‌కే కుట్టి ఉంటుంది: వృత్తంలో E, పక్కన దేశం సంఖ్య, కింద ఆమోద సంఖ్య. అది 06తో మొదలైతే కొత్త 22.06 ప్రమాణం. మన దగ్గర అమ్మే హెల్మెట్‌కి మాత్రం ఇవేవీ ఐఎస్ఐ బదులు చెల్లవు, ఐఎస్ఐ లేకుండా వెనకాల DOT అని మాత్రమే ఉన్న రోడ్డుపక్క హెల్మెట్‌కి అసలు ఏ ఆధారమూ లేదు.

ఫొటో చెప్పలేనివి

థర్మాకోల్ సాంద్రత ఎంతో ఫొటోలో తెలియదు, షెల్‌లో ఏ ప్లాస్టిక్ వాడారో తెలియదు. అవి ల్యాబ్‌లో దెబ్బ కొట్టి చూస్తే తేలేవి. వాడిన హెల్మెట్ అయితే ఇంకా కష్టం, ఎందుకంటే థర్మాకోల్ ఒకసారి నలిగితే మళ్లీ పైకి లేవదు, బయట రంగు మాత్రం గీత కూడా పడకుండా ఉండొచ్చు. అందుకే సెకండ్ హ్యాండ్ హెల్మెట్ ఫొటోలు ఎంత బాగున్నా నేను కొనమని చెప్పను.

కొత్తది ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ప్యాకెట్ విప్పేటప్పుడే వీడియో తీయండి, స్టికర్ నంబర్ ఫొటోలో చూసిన నంబరేనా అని అక్కడికక్కడే పోల్చండి. తేడా ఉంటే రిటర్న్ పెట్టి, బిల్లు, ఫొటోలు జతచేసి BIS Care యాప్‌లోని Complaints భాగంలో ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు వాపసు విషయం తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఫిర్యాదులో నకిలీ హెల్మెట్ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. స్టికర్ మీద ఏ నంబర్ ఉంది, యాప్‌లో ఆ నంబర్‌కి ఎవరి పేరు వచ్చింది, లోపలి లేబుల్ మీద ఏముంది, ఎవరి దగ్గర ఏ తేదీన కొన్నారు అనేవి వరసగా రాయండి.